వారం చాట్‌ని స్టేటస్ రిపోర్ట్ చేస్తే మేనేజర్ తిప్పి కొడుతున్నారా?

శుక్రవారం సాయంత్రం గ్రూపులో వారమంతా పడ్డ మెసేజ్‌లు పైనుంచి కిందికి చదివి, కాస్త పద్ధతైన భాషలోకి మార్చి పంపించేస్తాం. పావుగంటలో మేనేజర్ నుంచి జవాబు: "రిఫండ్ పని సోమవారమే అయిపోయిందని రాశారు, మళ్లీ కిందేమో ఆగిపోయిందంటున్నారు, ఏది నిజం?" నాకు ఇది వరసగా మూడు వారాలు జరిగింది. తప్పు భాషలో లేదు, ముందు అది చెప్పాలి.

సమస్య: ఒకే పని గురించి రిపోర్టులో రెండు మాటలు

కారణం: చాట్ టైమ్ ప్రకారం నడుస్తుంది, రిపోర్ట్ పని ప్రకారం నడవాలి. పైగా "అయిపోయింది" అన్న మాటకి మనిషికో అర్థం. కోడ్ రాసేవాడికి తన లాప్‌టాప్‌లో నడిస్తే అయిపోయినట్టు, టెస్టింగ్ చూసే ఆవిడకి బగ్ రాకపోతే అయిపోయినట్టు, మేనేజర్‌కేమో కస్టమర్ వాడుతుంటేనే అయిపోయినట్టు.

మా గ్రూపులో ఒక వారం రిఫండ్ గురించి పడ్డవి ఇవి:

సోమవారం: "రిఫండ్ అయిపోయింది బ్రో"
మంగళవారం: "ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు వెనక్కి వెళ్తోంది, చూడండి"
బుధవారం: "ఫిక్స్ చేశా, రేపు పెడతా"
శుక్రవారం: "బ్యాంకు వాళ్లు కీ ఇంకా పంపలేదు 😭"

పరిష్కారం: ఎక్సెల్‌లో పనికి ఒక వరస పెట్టండి, మెసేజ్‌కి కాదు. కాలమ్స్ నాలుగు చాలు: పని, ఇప్పటి స్థితి, ఆ స్థితికి ఆధారమైన మెసేజ్ తేదీ, తర్వాత ఏం జరగాలి. స్థితికి ఐదు మాటలే వాడాలి: మొదలుకాలేదు, కోడింగ్‌లో, టెస్టింగ్‌లో, ఆగింది, లైవ్. "దాదాపు అయిపోయింది", "90 శాతం" లాంటివి ఈ ఐదింటిలో ఎక్కడా ఇమడవు, ఇమడకపోతే ఆ మనిషినే అడగాలి తప్ప మనం ఊహించకూడదు. ఇక ఆఖరి మెసేజ్ చూసి అదే స్థితి అని రాసేయడం కూడా పొరపాటే. పై ఉదాహరణలో శుక్రవారం మాట బ్యాంకు కీ గురించే, బుధవారం చేసిన ఫిక్స్‌ని మళ్లీ టెస్ట్ చేశారా లేదా అన్నది ఎవరూ చెప్పలేదు. అడిగితే తెలిసింది, చేయలేదట. అప్పుడు రిపోర్టులో వాక్యం ఇలా వచ్చింది:

"రిఫండ్: ఆగింది. ఒకే ఆర్డర్‌కు రెండుసార్లు సొమ్ము వాపసు వెళ్లే లోపం మంగళవారం బయటపడగా బుధవారం సవరించాం; మళ్లీ పరీక్షించాల్సి ఉంది. బ్యాంకు నుంచి కీ అందనందున విడుదల చేయలేకపోతున్నాం."

సోమవారం మెసేజ్ ఇందులో ఎక్కడా లేదు, గమనించారా? ఉండక్కర్లేదు.

సమస్య: తేదీలు ఒకరోజు అటూ ఇటూ అవుతున్నాయి

కారణం "రేపు". రాత్రి 12:20కి "రేపు ఇస్తా" అన్నవాడు ఇంకా నిద్రపోలేదు కాబట్టి, వాడి లెక్కలో రేపంటే నిద్ర లేచాక వచ్చే పగలే, కానీ మెసేజ్ మీద తేదీ అప్పటికే మారిపోయింది. అమెరికాలో ఉన్న ఆన్‌సైట్ వాళ్ల "ఈఓడీ" ఇంకో గొడవ: న్యూయార్క్‌లో సాయంత్రం ఐదంటే మనకి మర్నాడు తెల్లవారుజామున రెండున్నర, చలికాలంలో మూడున్నర. షీట్‌లో ఎక్కించేటప్పుడే "రేపు"ని కొట్టేసి తేదీ, వారం రాసేయండి. శుక్రవారానికి వాయిదా వేస్తే ఏ రేపో గుర్తుండదు.

సమస్య: "ఓకే డన్" అని ఉంది, దేనికో తెలియదు

ఇది వాట్సాప్ వాడే టీములకే. చాట్‌ని `Export chat` కొట్టి టెక్స్ట్ ఫైల్‌గా తీసుకుంటే మెసేజ్, తేదీ, పంపినవాళ్ల పేరు వస్తాయి గానీ, ఎవరు ఏ మెసేజ్‌కి రిప్లై ఇచ్చారో రాదు, బొటనవేలు రియాక్షన్లు కూడా రావు. మా లీడ్ అన్నిటికీ 👍 తోనే ఓకే చెప్తారు, అంటే ఆయన అనుమతులన్నీ ఫైల్‌లోంచి మాయం. అందుకని ఫైల్‌ని వెతకడానికి మాత్రమే వాడండి, అర్థం కాని "ఓకే" కనబడితే ఫోన్‌లో అదే చోటుకి వెళ్లి చూడండి. `This message was deleted` అని ఉంటే దాన్ని పట్టించుకోకుండా దాటేయకండి, తొందరపడి ఇచ్చిన మాటని వెనక్కి తీసుకుని ఉండొచ్చు.

సమస్య: చదివితే నలుగురు రాసినట్టుంది

ఇది తేలిక. ఒక చోట "చేశాం", ఒక చోట "చేయబడింది", ఇంకో చోట "చేసేశారు" ఉంటాయి. టీమంతా చేసినదానికి "చేశాం" ఒక్కటే వాడండి. "చేయబడింది" మాత్రం వద్దు, ఎవరు చేశారో దాచినట్టుంటుంది, వెంటనే "ఎవరు?" అని ఇంకో మెయిల్ వస్తుంది.

నేనిప్పుడు శుక్రవారం మూడింటికి షీట్‌లో సందేహమున్న వరసలు మాత్రమే గ్రూపులో పెట్టి "అరగంటలో చెప్పకపోతే 'ధృవీకరణ రాలేదు' అని రాస్తా" అంటాను. మామూలుగా ఐదు నిమిషాల్లోనే జవాబులు వచ్చేస్తాయి.