నెలకోసారి ఆగని వాంతులు, మిగతా రోజులు మామూలే: ఎందుకిలా, ఏం చేయాలి?

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి నానమ్మ తన మనుమరాలిని తీసుకొచ్చింది. పాపకు ఏడేళ్లు, బరువు 20 కిలోలు. నేను ఫైలు చదువుతుంటే పాప కుర్చీ మీద గిరగిరా తిరుగుతున్నది. "సారూ, ఇప్పుడు చూస్తే దీనికేం రోగమున్నదంటరు? పోయిన మంగళారం చూడాల్సి ఉండె" అన్నది నానమ్మ. ఆ మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది.

ఎనిమిది నెలల్లో ఏడుసార్లు ఇలాగే అయింది. ప్రతిసారీ ఒకరు సెలైన్ ఎక్కించారు, ఇంకొకరు గ్యాస్ అన్నారు, మరొకచోట ఫుడ్ పాయిజన్ అని రాశారు. ఊళ్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. బోరు నీళ్ల ఫ్లోరైడ్ మీద కూడా అనుమానపడ్డారు. కానీ రోజూ తాగే నీళ్లే కారణమైతే బాధ కూడా రోజూ ఉండాలి కదా! ఐదారు వారాలు హాయిగా ఉండి ఒక్క తెల్లవారుజామున కుప్పకూలడం నీళ్ల లక్షణం కాదు.

లక్షణం: ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు ఒకేలా

పాప తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చుంటుంది. ముఖం తెల్లగా పాలిపోతుంది, చెమట పడుతుంది, నోట్లో ఊరే ఉమ్మిని మింగలేక ఉమ్మేస్తూ ఉంటుంది. ఐదింటికి మొదటి వాంతి. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలకోసారి, మధ్యాహ్నం దాకా. కడుపులో ఏమీ లేకపోయినా ఓకరింపు ఆగదు. లైటు వేస్తే ఏడుస్తుంది, ఎవరైనా మాట్లాడితే విసుక్కుంటుంది. సాయంత్రానికి వాంతులు పలచబడి నిద్రపోతుంది. మర్నాడు పొద్దున లేచి జొన్నరొట్టె, పప్పు అడుగుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక విషయం వింతగా అనిపించింది. వాంతుల మధ్య పాప గ్లాసుల కొద్దీ నీళ్లు గటగటా తాగి వెంటనే కక్కేసేది. "కావాలని కక్కుతున్నది, బడి ఎగ్గొట్టడానికి" అని తండ్రి ఒకసారి కొట్టాడు కూడా. అది నటన కాదు. ఖాళీ కడుపుతో పసరు కక్కితే గొంతు మండుతుంది. నీళ్లతో కలిసి వస్తే ఆ మంట తగ్గుతుంది, కక్కాక కాసేపు వికారమూ సద్దుమణుగుతుంది. ఈ జబ్బు ఉన్న చాలామంది ఇలాగే చేస్తారు.

దీన్ని సైక్లిక్ వామిటింగ్ అంటారు. 1882లోనే లండన్ వైద్యుడు శామ్యూల్ గీ పిల్లల్లో దీన్ని వర్ణించాడు. గుర్తుపట్టడానికి నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఉధృతంగా ఉన్నప్పుడు గంటకు నాలుగైనా వాంతులు అవుతున్నాయా? ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య కనీసం వారం పూర్తిగా బాగుంటోందా? మొదలయ్యే వేళ, సాగే తీరు, ముగిసే తీరు ప్రతిసారీ ఒకటేనా? మూడింటికీ అవునంటే అనుమానం బలపడుతుంది. రోజూ ఒకటి రెండు చిన్న వాంతులు అయ్యే పిల్లల కథ వేరు, అక్కడ అన్నవాహిక, కడుపు వైపు చూడాలి. విరేచనాలు కూడా ఉండి ఇంట్లో మరొకరికీ అదే బాధ ఉంటే అది మామూలు ఇన్ఫెక్షనే.

ముందు తోసిపుచ్చాల్సినవి

ఈ పేరు పెట్టేముందు కొన్ని ప్రమాదకరమైనవి కావని తేల్చుకోవాలి. పేగు పుట్టుకతోనే సరిగ్గా తిరగకుండా ఉంటే అది అప్పుడప్పుడు మెలిపడి, విప్పుకుని, మళ్లీ మెలిపడుతుంది. అదీ విడతలు విడతలుగానే కనిపిస్తుంది. చాలాసార్లు కక్కాక చివర్లో పసుపుపచ్చ పసరు రావడం సైక్లిక్ వామిటింగ్‌లోనూ మామూలే. కానీ మొదటి వాంతుల్లోనే ఆకుపచ్చగా వస్తే, పొట్ట ఉబ్బితే, అది ఆపరేషన్ దాకా వెళ్లే విషయం కావచ్చు. ఆ అనుమానం తీరడానికి బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తారు. పొద్దున లేవగానే తలనొప్పితో వాంతి, నడకలో తూలు, రోజురోజుకీ ఎక్కువవడం ఉంటే మెదడు స్కాన్ చేయించాలి.

చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. పరీక్షలన్నీ పిల్ల బాగున్నప్పుడు చేయిస్తారు, అన్నీ నార్మల్ అని వస్తాయి. మూత్రం దారి ఇరుకై కిడ్నీ ఉబ్బే పిల్లల్లో నొప్పి, వాంతి ఉన్న రోజున తీసిన స్కాన్‌లో వాపు స్పష్టంగా ఉంటుంది, వారం తర్వాత తీస్తే తగ్గిపోయి ఉండొచ్చు. మాంసకృత్తుల వ్యర్థం సరిగ్గా బయటికి పోని కొన్ని పుట్టుక లోపాల్లో రక్తంలో అమ్మోనియా పెరిగేదీ విడత నడుస్తున్నప్పుడే. అందుకే వాంతులు సాగుతుండగానే, గ్లూకోజు ఎక్కించకముందే, షుగర్, సోడియం, పొటాషియం, అమ్మోనియా, లాక్టేట్‌లకు రక్తం తీయాలి. కనీసం ఒక్క విడతలోనైనా ఇది జరగాలి. ఈ పాపకు ఎనిమిదో విడతలో మా దగ్గరే తీశాం. అమ్మోనియా మామూలు, షుగర్ కాస్త తక్కువ, మూత్రంలో కీటోన్లు, అంటే తిండి అందక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే వచ్చేవి. స్కాన్‌లో కిడ్నీలు బాగున్నాయి, బేరియం ఎక్స్‌రేలో పేగు తన చోటే ఉంది.

కారణం: కడుపులో కాదు, మెదడులో

పాప తల్లి మౌనంగా కూర్చుంది. నీకు తలనొప్పి వస్తుందా అమ్మా అని అడిగితే, "నెలకు రెండుసార్లు ఒంటి తలనొప్పి వస్తది సార్, చీకట్ల పండుకుంటే గాని పోదు" అన్నది. అంటే మైగ్రేన్. సైక్లిక్ వామిటింగ్ మైగ్రేన్‌కు చెల్లెలు లాంటిది. చాలామంది పిల్లల ఇళ్లలో, ముఖ్యంగా తల్లి వైపు, మైగ్రేన్ ఉంటుంది. కొందరు పిల్లలకు వయసొచ్చాక వాంతులు ఆగి తలనొప్పి మొదలవుతుంది.

జరిగేది ఇది అని ఇప్పటిదాకా ఉన్న అవగాహన: మెదడు అడుగున ఒత్తిడిని పసిగట్టే కేంద్రం ఒకటుంది. ఒత్తిడి అంటే భయమే కాదు, సంతోషం, నిద్ర లేకపోవడం, ఆకలి, జ్వరం కూడా. ఈ పిల్లల్లో ఆ కేంద్రం చిన్నదానికే ఎక్కువగా స్పందించి, హార్మోన్ల ద్వారా, నరాల ద్వారా కడుపు కదలికను ఆపేస్తుంది. అదే ఊపులో చర్మం పాలిపోతుంది, చెమట, ఉమ్మి వస్తాయి. ఆ ఒత్తిడి హార్మోన్లు సహజంగా తెల్లవారుజామునే పెరుగుతాయి, వేళ కలవడానికి అదో కారణం కావచ్చు. దీనికి తోడు కొందరిలో కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు కొంచెం బలహీనంగా ఉంటాయి. అవి తల్లి నుంచే వస్తాయి. రాత్రంతా తిండి లేకపోతే అలాంటి ఒంటికి శక్తి చాలదు.

నానమ్మ చేత గత విడతలన్నీ గుర్తు చేయించి క్యాలెండర్ మీద రాయించాను. మొదటిది సద్దుల బతుకమ్మ మర్నాడు, ఆ రాత్రి పాప పన్నెండింటికి పడుకుంది. రెండోది జలుబు, జ్వరంతో. మూడోది మిర్యాలగూడలో చిన్నత్త పెళ్లిలో. నాలుగోది చెరువుగట్టు జాతరకు పోయొచ్చిన తెల్లారి. ఐదోది బడిలో వార్షికోత్సవం అయ్యాక. ఆరోదానికి ఏ కారణమూ దొరకలేదు, అలా దొరకనివి ఉంటాయి. ఏడోది మళ్లీ జ్వరంతో. "అంటే సంబురం వస్తే కక్కుతదన్నట్టు" అన్నది నానమ్మ నవ్వి. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

పరిష్కారం

మొదట బాగున్న రోజులు. ఈ ఇంట్లో రాత్రి ఏడింటికి అన్నం, మళ్లీ పొద్దున ఎనిమిదింటికి. పదమూడు గంటల ఖాళీ కడుపు. పడుకునేముందు పాలు, అరటిపండు లేదా రొట్టె తప్పనిసరి చేశాం. పండుగ వద్దని చెప్పలేదు. కానీ పండుగనాడు మధ్యాహ్నం నిద్ర, దారిలో తినడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

నెలకోసారి ఆసుపత్రికి రావాల్సి వస్తోంది కనుక రోజూ వాడే మందు కూడా అవసరమైంది. ఐదేళ్ల లోపు పిల్లలకు సైప్రోహెప్టడిన్ ఇస్తాం. మెడికల్ షాపుల్లో ఆకలి సిరప్‌గా అమ్మేది అదే. ఐదేళ్లు దాటితే ఎమిట్రిప్టిలిన్. గుండె లయ మీద ప్రభావం ఉండొచ్చు కనుక ముందు ఈసీజీ తీసి, రాత్రి పడుకునేముందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. ఈ మోతాదు ఈ పాప బరువుకు వేసింది, ఇంకొకరి పిల్లకు వాడకండి.

ఇక్కడే బండి ఆగింది. మందుల షాపులో ఎవరో "ఇది మెంటల్ గోళీ" అన్నారు. తండ్రి పది రోజులకే ఆపేశాడు, ఐదో వారంలో వాంతులు వచ్చాయి. నిజమే, ఆ మందు డిప్రెషన్‌కూ ఇస్తారు, ఎక్కువ మోతాదుల్లో. మైగ్రేన్‌కూ ఇస్తారు. పని చేస్తుందో లేదో తేలడానికి నెలన్నర రెండు నెలలు పడుతుంది. ఈసారి తండ్రినే కూర్చోబెట్టి చెప్పాను. నెల తర్వాత మోతాదు 10కి పెంచాం. పొద్దున మబ్బుగా ఉండటం, నోరెండటం కొన్నాళ్లు ఉన్నాయి, తర్వాత తగ్గాయి.

తర్వాత, హెచ్చరిక వేళ. పాప నాలుగింటికి లేచి ఉమ్మడం మొదలుపెట్టాక మొదటి వాంతికి గంట టైముంది. ఆ గంటే చేతిలో ఉన్న అవకాశం. వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్, నాలుక మీద కరిగే 4 మిల్లీగ్రాముల గోళీ, చీకటి గది, ఫోన్లు బంద్, రెండు నిమిషాలకో చెంచా ఓఆర్‌ఎస్. ఇంట్లో అందరూ చుట్టూ చేరి ఏమైందని అడగడమే పెద్ద నష్టం. వాంతులు మొదలయ్యాక గోళీ మింగిస్తే బయటికే వస్తుంది, ఆ తప్పు చాలామంది చేస్తారు.

వాంతులు మొదలై రెండు గంటల్లో ఆగకపోతే ఆసుపత్రికే. అక్కడ ఉత్త సెలైన్ చాలదు, 10 శాతం గ్లూకోజు కలిపిన సెలైన్ కావాలి. శక్తి అందితేనే విడత కుదురుతుంది. నరం ద్వారా ఒండాన్‌సెట్రాన్, నిద్ర పట్టించే మందు, చీకటి. డ్యూటీ డాక్టరు ప్రతిసారీ మారతారు కాబట్టి రోగం పేరు, బరువు, ఇవ్వాల్సిన ద్రవం, తీయాల్సిన రక్తపరీక్షలు రాసిన చీటీని లామినేషన్ చేయించి ఇచ్చాను. మూత్రం ఎనిమిది గంటలుగా రాకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా రెండు గంటలు కూడా ఆగకూడదు. ఎప్పటిలా కాకుండా కొత్త తీరులో వచ్చిన విడతను పాత రోగమేనని అనుకోకూడదు.

పెద్దవాళ్లలో ఈ జబ్బు వస్తే గంజాయి గురించి అడగక తప్పదు. ఏళ్ల తరబడి వాడేవారికి అచ్చం ఇలాంటి వాంతులే వస్తాయి, వేడినీళ్లు పోసుకుంటే హాయిగా ఉందంటారు. మానేస్తే తప్ప అవి ఆగవు.

మందు మళ్లీ మొదలుపెట్టాక ఆరు నెలల్లో పాపకు రెండే విడతలు వచ్చాయి. ఒకటి గోళీతో ఇంట్లోనే ఆగింది. రెండోది దసరానాడు, జమ్మి ఆకు పంచడానికి ఊరంతా తిరిగి రాత్రి ఏమీ తినకుండా పడుకున్న రోజు. మర్నాడు నానమ్మ చీటీ పట్టుకుని క్యాజువాలిటీలో కూర్చుంది. ఆ చీటీ వెనక తనే మనుమరాలి చేత రాయించిన వరుస ఒకటి చూపించింది: "రాత్రి పాలు తాగలే."