రెండు ఇంచుల పైపు రెండు ఇంచుల కప్లింగ్‌లో ఆడుతోందా? లీక్‌కి అసలు కారణం, సరిచేసే పద్ధతి

ఏం జరుగుతుందంటే

పైపు రెండు ఇంచులే, కప్లింగ్ కూడా రెండు ఇంచులే అని షాపులో అడిగి మరీ తెస్తాం, తీరా చేలోకెళ్లి దూరిస్తే పైపు లోపల అటూ ఇటూ ఆడుతుంది. మా బావ వాళ్ల చేలో సరిగ్గా ఇదే అయింది. భూమిలో ఉన్న పాత లైన్ పగిలితే ఆ ముక్క కోసేసి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తెల్ల పైపు ఇంట్లో ఉంది కదా అని అది వేశారు. లూజ్‌గా ఉందని పైపులు అతికించే సొల్యూషన్ దట్టంగా పూసి, గుడ్డ పీలిక చుట్టి దూర్చారు. రెండ్రోజులు చెమ్మగా కారింది, మూడో రోజు పొద్దున మోటార్ వేయగానే వంపు పక్కనున్న ఆ జాయింట్ ఊడిపోయి గుంట నిండా నీళ్లు.

సొల్యూషన్ మంచిది కాదని ఆ డబ్బాని తిట్టారు గానీ తప్పు దానిది కాదు.

కారణం

"రెండు ఇంచులు" అనేది పేరు, కొలత కాదు. పాత రోజుల్లో ఇనప పైపుకి లోపలి రంధ్రాన్ని బట్టి ఇంచుల్లో పేరు పెట్టారు, మరలు మాత్రం బయట వైపు కొడతారు కాబట్టి బయటి సైజు ఒకేలా ఉంచేశారు, తర్వాత గోడ మందం మారినా పేరు అలాగే ఉండిపోయింది. అందుకే రెండు ఇంచుల జీఐ పైపు బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు, టేపుతో కొలిస్తే ఎక్కడా రెండు ఇంచులు అంటే 50.8 రాదు. ఇళ్లకి వాడే, ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన తెల్ల పీవీసీ పైపు కూడా ఈ ఇనప పైపు లెక్కనే పట్టుకుంది, దానికీ 60.3.

పొలాలకి వేసే, మన భారత ప్రమాణం ఐఎస్ 4985 పీవీసీ పైపు మాత్రం బయటి వ్యాసాన్నే పేరుగా పెట్టుకుంది. 63 ఎంఎం పైపు అంటే బయట నిజంగా 63. దాన్ని కూడా మన దగ్గర అందరూ రెండు ఇంచుల పైపు అనే పిలుస్తారు, గొడవంతా ఇక్కడే. బావ వాళ్ల పాత లైన్, కప్లింగ్ రెండూ 63, కొత్తగా పెట్టిన ముక్క 60.3. తేడా 2.7 మిల్లీమీటర్లు.

సొల్యూషన్ ఆ సందుని నింపదా అంటే నింపదు. అది బంకలా అతికించేది కాదు, పైపు పైపొరనీ కప్లింగ్ లోపలి పొరనీ మెత్తబరిచి రెండిటినీ ఒకటి చేస్తుంది, దానికి రెండూ గట్టిగా తాకి ఉండాలి. సందులో మందంగా పోస్తే ఆరేకొద్దీ కుంచించుకుపోయి లోపల బుడగల్లా ఖాళీలు మిగులుతాయి. లైన్‌లో చదరపు సెంటీమీటరుకి 4 కేజీల ప్రెషర్ ఉందనుకోండి, వంపు దగ్గర 63 ఎంఎం జాయింట్‌ని బయటికి తోసే బలం సుమారు 125 కేజీలు వస్తుంది, గుడ్డ పీలిక దాన్ని ఎంతసేపని ఆపుతుంది?

ఏ పైపో ఎలా తెలుసుకోవాలి

పైపు మీద ప్రింట్ కనపడితే చదవండి, కానీ ఒక్క విషయంలో జాగ్రత్త. ఏఎస్‌టీఎం పైపు మీద 50 ఎంఎం అని కూడా రాసి ఉంటుంది, అది పేరుకే 50, బయట 60.3. ఐఎస్ 4985 లో 50 ఎంఎం అంటే బయట నిజంగా 50. అంటే మిల్లీమీటర్లలో చెప్పినా మోసపోవచ్చు, అందుకే నేను ప్రింట్‌ని నమ్మి ఊరుకోను, కొలుస్తాను.

కాలిపర్ లేకపోయినా పర్లేదు. సాగని దారం గానీ కాగితం పట్టీ గానీ పైపు చుట్టూ ఒక్క చుట్టు బిగుతుగా తిప్పి, రెండు కొసలు కలిసేచోట గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచి కొలవండి. దాన్ని 3.14 తో భాగిస్తే బయటి వ్యాసం. 63 ఎంఎం పైపుకి చుట్టుకొలత 198 మిల్లీమీటర్లు దగ్గర వస్తుంది, 60.3 దానికి 189 లేదా 190. దాదాపు సెంటీమీటరు తేడా కాబట్టి పొరపాటు పడరు.

మూడు ఇంచుల దగ్గర తేడా చిన్నది, ఎక్కువమంది అక్కడ దెబ్బతింటారు: ఐఎస్ ది 90, ఏఎస్‌టీఎం ది 88.9. చేతికి బాగానే దూరినట్టు ఉంటుంది, నీళ్లు పారేవరకు తెలీదు.

సొల్యూషన్ పూయకముందు ఉత్తినే దూర్చి చూడండి. సరైన జోడీ అయితే చేత్తో తోస్తే కప్లింగ్ లోతులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా వెళ్లి బిగుస్తుంది. అడుగు దాకా జారిపోయి ఇంకా ఆడుతుంటే ఆ జోడీ కుదరదు.

పరిష్కారం

కుదిరితే ఆ ముక్కే తీసేసి 63 ఎంఎం ముక్క వేసుకోండి, అదే చవక, జాయింట్లు కూడా తక్కువ. అలా కుదరనప్పుడు, అంటే ఒకవైపు పాత 63 లైన్, ఇంకోవైపు మార్చలేని ఇంచుల లైన్ ఉన్నప్పుడు, అతుకు దగ్గర కలపడం మానేసి మర దగ్గర కలపాలి. మన దగ్గర దొరికే రెండు రకాల ఫిట్టింగుల మీదా రెండు ఇంచుల మర మామూలుగా ఒకటే ఉంటుంది కాబట్టి అదే వంతెన.

బావ వాళ్లదీ అలాంటిదే, ఆ ముక్కకి అవతల ఇంచుల లైన్ ఉంది, వాళ్లకి చేసింది ఇదీ. పాత కప్లింగ్ మళ్లీ పనికిరాదు కాబట్టి దాన్ని హాక్సాతో కోసి పారేశాం. 63 లైన్ కొసకి 63 ఎంఎం ఎంటీఏ, అంటే ఒకవైపు అతుకు ఒకవైపు బయటి మర ఉన్న అడాప్టర్, అతికించాం. తెల్ల పైపు కొసకి రెండు ఇంచుల ఏఎస్‌టీఎం ఎంటీఏ. అడాప్టర్లని ముందు పైపులకి అతికించి ఆరనిచ్చాం, తర్వాత ఆ తెల్ల ముక్కనే తిప్పుకుంటూ మధ్యలో రెండు ఇంచుల జీఐ సాకెట్‌తో కలిపి, దాని రెండో కొసని అవతలి ఇంచుల లైన్‌కి ఆఖర్న అతికించాం, లేకపోతే భూమిలో ఉన్న పైపుని తిప్పేదెలా. ప్లాస్టిక్ సాకెట్ ఎందుకు వాడలేదంటే బిగించేటప్పుడు లోపలి మర ఉన్న ప్లాస్టిక్ బయటికి విచ్చుకుని చీలుతుంది, ఇనుము చీలదు. బయటి మర ప్లాస్టిక్‌దీ లోపలి మర ఇనుముదీ ఉండాలి, తిరగేయొద్దు.

టెఫ్లాన్ టేప్‌ని మర తిరిగే దిక్కులోనే ఎనిమిది పది చుట్లు లాగి పట్టుకుని చుట్టండి. చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన రెంచ్‌తో ఒకటి లేదా ఒకటిన్నర చుట్టు, అంతే, ఇంకొంచెం ఇంకొంచెం అని తిప్పితే అడాప్టర్ మెడ దగ్గర పగులు వస్తుంది.

అతికేచోట తడీ మట్టీ లేకుండా తుడవండి, పాత లైన్లోంచి నీళ్లు కారుతూనే ఉంటే ముందు అది ఆపండి. సొల్యూషన్ రెండువైపులా పల్చగా పూసి, వెంటనే దూర్చి పావు చుట్టు తిప్పి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి, వదిలితే పైపు మెల్లగా వెనక్కి వస్తుంది.

దూరకపోతే?

ఇది తిరగేసిన సమస్య, ఇళ్లలో ఎక్కువ. ఒక ఇంచు ఏఎస్‌టీఎం పైపు బయట 33.4, ఐఎస్ 32 ఎంఎం ఫిట్టింగ్‌లోకి అది పోదు. కొందరు పైపునో ఫిట్టింగ్‌నో మంట మీద వేడి చేసి నొక్కేస్తారు, అలా చేస్తే గోడ ఒకచోట పల్చబడి, గుండ్రం పోయి, చుట్టూ సమానంగా తాకదు. ఇక్కడ కూడా ఒక ఇంచు మర దగ్గరే కలుపుకోండి.

ఆరాక చూడటం

24 గంటలు ఆగి మోటార్ వేయండి. వాల్వ్ మొత్తం తెరిచి గాలి పోనిచ్చి, తర్వాత కాసేపు సగం మూసి ప్రెషర్ ఇచ్చి, జాయింట్ చుట్టూ పొడి న్యూస్ పేపర్ ముక్క తిప్పి చూడండి. ఇనప సాకెట్ అంచున తడి తగిలితే తెల్ల ముక్కని రెండో కొస దగ్గర కోసి, మర విప్పి టేప్ మళ్లీ చుట్టి, ఆ కొసని కొత్త కప్లింగ్‌తో అతికిస్తే సరిపోతుంది. పైపు అడాప్టర్‌లోకి దూరేచోట తడి తగిలితే మాత్రం పైనుంచి సొల్యూషన్ పూసి లాభం లేదు, కోసి కొత్త అడాప్టర్ వేయాల్సిందే.