పండగ గది కిక్కిరిసినట్టుంటే: ఇత్తడి, పట్టు, సాదా ఫర్నిచర్

సమస్య: వస్తువులు ఏడెనిమిదే, అయినా హాలు సామాన్ల కొట్టులా ఉంది.

కారణం చాలావరకు సంఖ్య కాదు, చెదురు. టీవీ దగ్గర ఒక దీపం, టీపాయ్ మీద చెంబు, మూలన బిందె పెడితే ప్రతి మెరుపూ చూపును తనవైపు లాగుతుంది. ఖాళీ గోడలు, నునుపైన బల్లలు ఉన్న గదిలో ఆ లాగుడు ఇంకా ఎక్కువ. గుమ్మంలో నిలబడి ఫోన్‌లో ఫొటో తీసి, చిన్నదిగా చేసి చూడండి. రెండు చోట్లకు మించి మెరుపు కనిపిస్తే ఇదే కారణం.

పరిష్కారం: ఇత్తడినంతా ఒకే బల్ల మీదికి చేర్చండి. అయిదడుగుల సైడ్‌బోర్డు అనుకుందాం. ఒక చివర రెండడుగుల మేరలో అడుగున్నర ఎత్తు కుందుల జత, వాటి మధ్య కాస్త ముందుకు పూలు వేసిన ఉరుళి అనే వెడల్పాటి గిన్నె, పక్కన అరచేతిలో పట్టే గంట. మిగతా మూడడుగులూ ఖాళీ. అక్కడ ఫొటో ఫ్రేము పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. ఆ ఖాళీ వల్లే కుందులు కుందుల్లా కనిపిస్తాయి. మిగిలిన బిందె, చెంబు ఈసారికి అటక మీదే ఉండనివ్వండి.

సమస్య: పట్టు పరిస్తే చీరల దుకాణంలా ఉంది.

కారణం: చీర మొత్తం విప్పి పరచడం. ఒళ్లంతా బుటాలు, పెద్ద జరీ అంచు ఉంటే అది ఇత్తడితో పోటీ పడుతుంది. ఒక్క చీరే తీసుకోండి, ఒళ్లు సాదాగా ఉన్నది. గద్వాల చీర దీనికి బాగా కుదురుతుంది. పాత పద్ధతిలో నేసినదాని ఒళ్లు నూలే కాబట్టి సోఫా మీద అంతగా జారదు. వెడల్పును నాలుగు మడతలు వేస్తే సుమారు అడుగు వస్తుంది. పొడవును కూడా నాలుగు చేస్తే దాదాపు నాలుగున్నర అడుగులు. అంచు ఒక వైపు పైకి కనిపించేలా సోఫా వీపు మీద, ఒక చివరన వేయండి. పోచంపల్లి ఇక్కత్ అయితే ఒళ్లంతా నమూనాయే, కాబట్టి చీరగా కాక ఒక్క కుషన్ గలీబుగా చాలు.

దీపం కింద మాత్రం పట్టు వద్దు. నువ్వులనూనె మరక జరీ మీద పడితే ఇంట్లో పోదు. వెలిగించిన వత్తికి, ఏ బట్టకైనా కనీసం మూడడుగుల దూరం ఉంచండి. ఫ్యాను గాలికి మంట ఒరుగుతుంది. కుంది కింద ఇత్తడి పళ్లెం పెట్టి, నూనె ప్రమిద అంచుకు వేలి మందం తక్కువగా పోయండి.

సమస్య: తోమినా ఇత్తడి పాలిపోయినట్టుంది.

ముందు బల్బు చూడండి. 6500K తెల్లని వెలుగులో పసుపు వన్నె చచ్చిపోతుంది. ఆ బల్ల దగ్గర పసుపు వెలుగిచ్చే 2700K బల్బు పెట్టండి. వన్నె ఎర్రగా మారిందంటే తప్పు చింతపండుది. పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకును తినేసి రాగిని పైకి తెస్తుంది. రుద్దిన వెంటనే కడిగి, పొడిబట్టతో తుడవండి.