వ్యాసరచన పాఠాలు – ఐదో భాగం: ఒకే వైఖరి, ఒకసారి సంపాదకీయంగా, ఒకసారి కాలమ్‌గా

గత పాఠంలో ఒక విషయంపై మన వైఖరిని ఒక్క వాక్యంలో రాసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో అలాంటి ఒక వాక్యాన్ని తీసుకుని, ముందు పత్రిక తరఫున వెలువడే సంపాదకీయంగానూ, తరువాత సొంత పేరుతో అచ్చయ్యే కాలమ్‌గానూ రాద్దాం. వాక్యం ఇది: హైదరాబాదు జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలపై ఆంక్షలు కొనసాగాలి.

ముందుగా, ఎవరూ కాదనలేని విషయాలను ఒక కాగితం మీద రాసుకోవాలి. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాదులో వేలమందిని బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నియంత్రణ కోసం మూసీపై ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. వీటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధిస్తూ 1996 మార్చిలో జీవో 111 వెలువడింది. నీటి నాణ్యతకు భంగం కలగరాదన్న షరతుతో 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. ఈ కాగితం రెండు రచనలకూ ఉమ్మడిది. తేడా ఆ తరువాత మొదలవుతుంది.

సంపాదకీయానికి రచయిత పేరు ఉండదు. అది పత్రిక మాట కనుక, రాసిన ఉద్యోగి మానేసినా ఆ మాట పత్రికకు అంటిపెట్టుకునే ఉంటుంది. అందువల్ల కలం పట్టేముందు ఇదే విషయంపై పత్రిక 1996లో, 2022లో ఏమి రాసిందో పాత సంచికలు తిరగేసి చూడాలి. ఇప్పటి వైఖరి వేరైతే, ఎందుకు మారిందో ఒక వాక్యంలో చెప్పి తీరాలి. కాలమ్‌కు ఈ బరువు లేదు. కాలమిస్టు పత్రిక వైఖరితో విభేదించవచ్చు, ‘నేను’ అనవచ్చు. కానీ ఆ ‘నేను’ వెనుక ఎవరున్నారో పాఠకుడికి తెలియాలి. ఆ 84 గ్రామాల్లో దేనిలోనైనా తనకు గానీ కుటుంబానికి గానీ భూమి ఉంటే, ఆ సంగతిని మొదటి రెండు పేరాల్లోనే చెప్పాలి. పత్రిక యాజమాన్యానికి అక్కడ ప్రయోజనాలు ఉంటే సంపాదకీయానికీ ఇదే నియమం వర్తించాలని నా అభిప్రాయం, అది ఎంత ఇబ్బందికరమైనా సరే.

మన సంపాదకీయ భాషలో పాతుకుపోయిన ఒక అలవాటును ఇక్కడే వదిలించుకోవాలి. ‘విమర్శలు వెల్లువెత్తుతున్నాయి’, ‘అనే అభిప్రాయం వ్యక్తమవుతోంది’ అని రాసినప్పుడు విమర్శించినది ఎవరో, అభిప్రాయపడినది ఎవరో తెలియదు. చాలాసార్లు ఆ అభిప్రాయం రాసేవారిదే అయి ఉంటుంది. ‘అనడంలో సందేహం లేదు’ అన్నది మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది సరిగ్గా ఆధారం ఉండవలసిన చోటనే వచ్చి కూర్చుంటుంది. చిత్తుప్రతిలో ఈ మూడు పదబంధాల కింద గీత గీసి, ప్రతిచోటా ‘ఎవరు? ఎక్కడ? ఎప్పుడు?’ అని అడగండి. జవాబు దొరికితే దాన్ని రాయండి, దొరకకపోతే వాక్యాన్ని కొట్టివేయండి.

ఇక ఆధారాల సంగతి. ఈ పాఠానికి ఇదే ఆయువుపట్టు కనుక కొంచెం నిదానంగా చూద్దాం. చేయి తిరగనివారు ఈ విషయంపై రాసే మొదటి వాక్యం సాధారణంగా ‘నగరం గొంతు తడిపే జలాశయాలు ప్రమాదంలో పడ్డాయి’ అని ఉంటుంది. ఈ వాక్యం దగ్గరే వాదన ఓడిపోతుంది. నగరానికి ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి జలాలు వస్తున్నాయి, జంట జలాశయాల వాటా స్వల్పం. ఆంక్షలు ఎత్తివేయాలనేవారి బలమైన వాదన కూడా ఇదే. కనుక దాన్ని మనమే మొదట ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తరువాత మిగిలేది వరద. జలాశయాలు కట్టినదే వరదను ఆపడానికి. పరీవాహక ప్రాంతం కాంక్రీటుతో నిండితే వాననీరు నేలలోకి ఇంకడం తగ్గి, ఎక్కువ నీరు తక్కువ సమయంలో జలాశయానికి చేరుతుంది. అప్పుడు గేట్లు ఎత్తక తప్పదు, ఆ నీరు చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ లోతట్టు బస్తీల మీదుగానే పోవాలి. నగరం తాగే నీటిలో వాటా ఎంత తగ్గినా ఈ కారణం బలహీనపడదు.

ఇక్కడ ఇంకొక ఉచ్చు ఉంది. 2020 అక్టోబరు వరదలు అందరికీ గుర్తున్నాయి కనుక వాటిని రుజువుగా చూపాలని చేయి లాగుతుంది. అయితే ఆనాడు పాతబస్తీ వైపు కాలనీలను ముంచిన నీటిలో చాలా భాగం పల్లెచెరువు, గుర్రంచెరువు వంటి చెరువుల కట్టలు తెగడం వల్ల వచ్చింది. దాన్ని జంట జలాశయాల ఖాతాలో వేస్తే, విషయం తెలిసిన ఒక్క పాఠకుడి ఉత్తరంతో వ్యాసమంతా నమ్మకం కోల్పోతుంది.

సంపాదకీయంలోని కీలకమైన పేరా ఇలా ఉండవచ్చు:

‘తాగునీటికి జంట జలాశయాలపై నగరం ఆధారపడటం తగ్గిన మాట నిజం. కానీ వాటి తొలి ప్రయోజనం వరద నియంత్రణ, ఆ అవసరం తగ్గలేదు. పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలు పెరిగినప్పుడు గేట్ల నుంచి ఎంత నీరు వదలవలసి వస్తుందో ప్రభుత్వం అధ్యయనం చేయించి బయటపెట్టాలి. ఆ నివేదికను ప్రజలు చూసేవరకు కొత్త అనుమతులు ఇవ్వరాదు.’

ఇందులో ‘నేను’, ‘మేము’ రెండూ లేవు. ఎవరు ఏమి చేయాలో, ఎప్పటివరకు చేయరాదో ఉన్నాయి. సంపాదకీయం ఎవరినో ఒకరిని, ఒక నిర్దిష్టమైన పని చేయమని అడగాలి.

ఇక కాలమ్‌లో, మూసారాంబాగ్ నివాసి ఒకరు రాస్తున్నారనుకుందాం:

‘గేట్లు ఎత్తారన్న వార్త టీవీలో రాగానే మా వీధిలో ముందుగా బియ్యం బస్తాలు మేడెక్కుతాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, 1908లో జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టును మా పిల్లలకు చూపించాను. ఉస్మాన్‌సాగర్ ఉన్న గండిపేట వైపు లేచే ప్రతి అంతస్తు మా వీధికి ఎంత దూరమో నన్నడిగితే, మ్యాపు చూసి చెప్పను.’

చింతచెట్టు కాలమ్‌కు తగినది, ఎందుకంటే అది రచయిత భయానికి రూపం ఇస్తోంది. సంపాదకీయంలో అదే చెట్టు రుజువు స్థానంలోకి జరిగిపోతుంది, ఆ స్థానానికి అది తగదు. అలాగే చివరి వాక్యం అనుభూతిగా నిలుస్తుంది కానీ నీటి లెక్కగా నిలవదు. అందువల్ల కాలమిస్టు కూడా తరువాతి పేరాలో గేట్ల వాదనకు, జీవోలకు దిగిరాక తప్పదు.

ఒప్పించడానికి హద్దు ఎక్కడ? ఆంక్షల పరిధిలో నాలుగెకరాలున్న రైతును ఈ రెండు రచనల్లో ఏదీ ఒప్పించలేదు. పరిధికి అవతలి ఊరిలో భూమి ధర పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్న మనిషికి దిగువ బస్తీల వరద గురించి ఎంత బాగా రాసినా అది తన ఖర్చుతో ఇతరులకు చేసే మేలుగానే కనిపిస్తుంది, అలా కనిపించడం అన్యాయమూ కాదు. ఆయనను ‘రియల్ ఎస్టేట్ శక్తులు’ అన్న మాటలో కలిపేయడం అబద్ధం. ఆయన నష్టాన్ని పేరు పెట్టి చెప్పి, రోడ్ల విస్తరణలో స్థలం కోల్పోయినవారికి నగరంలో ఇస్తున్న, వేరేచోట వాడుకోగల లేదా అమ్ముకోగల నిర్మాణ హక్కు అయిన టీడీఆర్ వంటి పరిహారాన్ని ఆయనకూ వర్తింపజేయమని అడగవచ్చు. ఆయన అప్పటికీ ఒప్పుకోకపోవచ్చు. మన రచన చేరవలసినది ఇంకా తేల్చుకోని పాఠకుడిని, సంతకం పెట్టే అధికారిని.

రెండవ హద్దు మనకు మనం గీసుకోవలసినది. 1908 మృతులను గుర్తుచేసి, ఆంక్షలు తొలగితే అదే మళ్లీ జరుగుతుందని చెప్పడానికి మన దగ్గర లెక్క లేదు. ప్రమాదం పెరుగుతుందని చెప్పగలం, ఎంత పెరుగుతుందో చెప్పలేం. ‘పెరుగుతుంది’ దగ్గర ఆగడం వల్ల వాక్యం పదును కొంత తగ్గినా సరే, అక్కడే ఆగాలి.

అభ్యాసం: ఇదే విషయంపై ఆంక్షలు ఎత్తివేయాలన్న వైఖరితో 150 పదాల సంపాదకీయ పేరా ఒకటి, అక్కడి రైతు గొంతుతో 150 పదాల కాలమ్ పేరా ఒకటి రాయండి. సంపాదకీయంలో వరద వాదనను దాటవేయకుండా జవాబు చెప్పండి. ఆరో పాఠంలో ఈ రెండు పేరాలకు శీర్షికలు పెడదాం.