ఇంట్లో ఉండే వేళకే గ్యాస్ సిలిండర్ రావాలంటే దరఖాస్తు ఎలా చేయాలి?

తిరుపతిలో ఒక గ్యాస్ ఏజెన్సీ కౌంటర్‌లో ఆరేళ్లు పనిచేశాను. "సిలిండర్ వచ్చి వెనక్కి పోయిందంట" అని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మొగుడూపెళ్లాలిద్దరూ పనికి పోయే ఇళ్లవాళ్లే. వాళ్లకోసం గ్యాస్ కంపెనీలు పెట్టిన సదుపాయం ఒకటుంది. దాని పేరు ప్రిఫర్డ్ టైమ్ డెలివరీ. కావలసిన రోజు, కావలసిన వేళ మనమే చెప్పుకోవచ్చు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు కాబట్టి చాలామందికి ఇది తెలియదు.

కరకంబాడి రోడ్డు వైపు ఒక గేటెడ్ అపార్ట్‌మెంట్లో ఉండే జంట సంగతి చెబుతాను. ఆయనకు రేణిగుంటలో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆటో పదకొండింటికి గేటు దగ్గరికొచ్చింది. వాచ్‌మన్ ఇంటర్‌కమ్ కొట్టాడు, ఎవరూ ఎత్తలేదు. ఆటో వెళ్లిపోయింది. రెండోసారి ఆమె ముందుగానే వాచ్‌మన్ చేతికి డబ్బు, ఖాళీ సిలిండర్ ఇచ్చి పోయింది. అయినా సిలిండర్ దిగలేదు. అడ్డుపడింది కోడు. బిల్లు తయారవగానే రిజిస్టరైన మొబైల్‌కు నాలుగంకెల డెలివరీ కోడు వస్తుంది. సిలిండర్ ఇచ్చేటప్పుడు అది చెప్పాలి. కనెక్షన్ ఆయన పేరుమీద ఉంది, మెసేజ్ ఆయన ఫోన్‌కే పోయింది. ఆ ఫోనేమో ఫ్యాక్టరీ లాకర్లో ఉంది.

అందుకే వేళ అడగకముందు నంబరు చూసుకోండి. పగలు ఫోన్ ఎత్తగలిగినవాళ్ల నంబరే కనెక్షన్‌కు ఉండాలి. మీ కంపెనీ యాప్‌లో గానీ, పాస్‌బుక్, గుర్తింపు కార్డు తీసుకుని ఏజెన్సీకి వెళ్లి గానీ మార్చుకోవచ్చు. ఆ జంట ఆమె నంబరు పెట్టించుకున్నారు.

తర్వాత వేళ. ఏజెన్సీకి రాసిచ్చే కాగితంలో వినియోగదారుడి పేరు, కన్స్యూమర్ నంబరు, బ్లాకు, ఫ్లాటు నంబరు, కావలసిన రోజు, వేళ ఉంటే చాలు. ఆమె ఇలా రాసిచ్చింది:

"మేమిద్దరం ఉద్యోగస్తులం. ఇకపై మా రీఫిల్ శనివారం ఉదయం 8 నుంచి 11 మధ్య పంపగలరు. ఆ వేళకు ఇంట్లో మనిషి ఉంటారు. బయలుదేరేముందు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు."

రెండు కాపీలు రాసి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పింది డెలివరీ బాయ్ మారగానే పోతుంది. ఎనిమిదేళ్ల పాత కస్టమర్ల విషయంలోనూ అలా జరగడం కళ్లారా చూశాను.

ఈ సదుపాయానికి రీఫిల్ ధరమీద కొంత అదనపు రుసుము ఉంటుంది. పొద్దున ఎనిమిదికి ముందో, సాయంత్రం ఆరు దాటాకో కావాలంటే శని, ఆదివారాల పగటివేళకన్నా ఎక్కువ పడుతుంది. ఎంతో ముందే కనుక్కోండి, అది బిల్లులో కనబడాలి. బిల్లులో లేనిది చేతికివ్వక్కర్లేదు. నాలుగో అంతస్తని, లిఫ్టు లేదని వేరుగా అడిగినా అంతే. ఇంటి గుమ్మందాకా తెచ్చిచ్చే ఖర్చు రీఫిల్ ధరలోనే కలిసి ఉంటుంది.

వేళ ఎంచుకునేటప్పుడు మీ సౌకర్యం ఒక్కటే చూస్తే కుదరదు. చాలా అపార్ట్‌మెంట్లలో సరుకు బండ్లను కొన్ని గంటలే లోపలికి వదులుతారు. ముందు అసోసియేషన్‌ను అడిగి, ఆ గంటలకు సరిపోయే వేళ రాయండి. ఆదివారం అడిగేముందు ఆ రోజు మీ ఏజెన్సీ పనిచేస్తుందో లేదో కూడా తెలుసుకోండి. రెండో సిలిండర్ లేని ఇల్లయితే శనివారందాకా ఆగడం కష్టం, డీబీసీ తీసుకుంటే మేలు. రెండు సిలిండర్లున్న కనెక్షన్‌ను అలా అంటారు. ఒకటి అయిపోగానే బుక్ చేసి, నిదానంగా మీ రోజుకోసం ఆగవచ్చు.

ఆఫీసుకు తెప్పించుకుంటే పోలేదా అని కొందరు అడిగేవాళ్లు. ఇంటి సిలిండర్ కనెక్షన్ ఉన్న చిరునామాకే వస్తుంది. అంత తొందరైతే ఏజెన్సీతో మాట్లాడి గోడౌన్‌నుంచి మీరే తెచ్చుకోవచ్చు. అప్పుడు డెలివరీ ఖర్చు బిల్లులో తగ్గించాలి.

కోడు వాచ్‌మన్‌కు ముందుగా చెప్పి పోవద్దు. కోడు చెప్పారంటే సిలిండర్ అందినట్టే లెక్క. సీలు చూసి, తూకం వేయించాకే చెప్పండి. పైన పట్టీ మీద ఖాళీ బరువు ఉంటుంది. 15.3 కిలోలని ఉంటే, 14.2 కిలోల గ్యాస్‌తో కలిపి కాటా 29.5 చూపాలి. కాటా తేవడం వాళ్ల బాధ్యత.

రాసిచ్చిన వేళకు రాకపోతే ముద్ర ఉన్న కాపీ తీసుకుని ఏజెన్సీలో అడగండి. అక్కడ తేలకపోతే 1800 2333 555కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ జంటకు మొదటి శనివారం ఆటో తొమ్మిదింబావుకు వచ్చింది. ఆమె నైట్ డ్యూటీ దిగొచ్చి, తలుపు తీసి, కాటామీద అంకె చూశాకే కోడు చెప్పింది.