పరుగు మర్నాడు తొడలు పట్టేస్తే రోలర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

సమస్య: ఆదివారం ఫ్లైఓవర్ల మీదుగా పరుగెత్తారు. సోమవారం తొడల ముందుభాగం సలుపు మొదలైంది. మంగళవారం కడ్డీ పట్టుకోనిదే మెట్లు దిగలేకపోతున్నారు.

కారణం: అందరూ లాక్టిక్ ఆసిడ్ అంటారు గానీ, అది పరుగు ఆపిన గంటకల్లా దాదాపు పోతుంది. అసలు దెబ్బ తగిలింది ఫ్లైఓవర్ దిగేటప్పుడు. దిగుడులో తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేని కండరంలో ఆ పనికి సన్నటి పోగులు దెబ్బతింటాయి. అందుకే నొప్పి ఆలస్యంగా వస్తుంది, 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది.

పరిష్కారం: బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆనుకుని, గట్టి నురగతో చేసిన గుండ్రటి ఫోమ్ రోలర్‌ను తొడ కింద పెట్టండి. గజ్జకు కొంచెం కింద నుంచి మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల ఎత్తు వరకు మెల్లగా దొర్లించండి. ఒక్కో తొడకు ఒకటి రెండు నిమిషాలు చాలు. ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే బరువు ఎక్కువ పడుతోందని అర్థం. రెండో కాలు నేలకు ఆనించి తగ్గించండి. లేచి మెట్లు దిగి చూస్తే కాస్త తేలిగ్గా ఉంటుంది, కాసేపటికి సలుపు మళ్లీ వస్తుంది. రోలర్ నొప్పి తెలియడాన్ని తగ్గిస్తుందే తప్ప పోగులను అతికించదు.

మసాజ్‌కూ ఇదే వర్తిస్తుంది. నొప్పి తగ్గించడంలో దానికున్న ఆధారాలు మిగతావాటికంటే మెరుగే, కానీ బలం త్వరగా తిరిగొస్తుందని తేలలేదు. "విషాలు బయటికి పోతాయి" అన్నది మసాజ్ బల్ల దగ్గరి మాట. ఇక పరుగయ్యాక స్ట్రెచింగ్ చాలావరకు అలవాటే. అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్షలో మర్నాటి నొప్పి 100 పాయింట్ల కొలతలో సగటున ఒక్క పాయింటు తగ్గింది. హాయిగా ఉంటే చేయండి, మానేసినా నష్టం లేదు.

మళ్లీ రాకుండా చూసేది దిగుడు అలవాటే. నొప్పి పోయాక వచ్చే వారం అదే ఫ్లైఓవర్‌ను రెండుసార్లే దిగండి, ఆపై వారం మూడుసార్లు. ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరం కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొప్పి పెట్టదు.

సమస్య: మోకాలి బయటి పక్క నొప్పి, అక్కడే రోజూ రోలర్ రుద్దుతున్నా తగ్గడం లేదు.

తొడ బయటి పక్కన ఉండే ఐటీ బ్యాండ్ కండరం కాదు, గట్టి పట్టీ. రోలర్‌తో అది సాగదు, కింద నలిగే చోటు ఇంకా మండుతుంది. అక్కడ రుద్దడం ఆపి, దూరం, దిగుడు తగ్గించి, పక్కకు పడుకుని కాలు పైకెత్తే వ్యాయామంతో తుంటిని బలపరచండి.

రోలర్ ముట్టుకోకూడని వేళ: ఒక్క పిక్కే వాచి వెచ్చగా ఉంటే రక్తం గడ్డ కావచ్చు. నొప్పితోపాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీల మీద పడుతుండవచ్చు. రెండింటికీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.