వర్గాల మొత్తం సరిపోయింది, ఘనాల మొత్తం తప్పింది: ఎక్కడ వెతకాలి?

పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది ఒడియా మీడియం. బడిలో ‘ద్విఘాత సమీకరణ’ అని చదివి, ఇంటి దగ్గర ‘వర్గ సమీకరణం’ అంటారు. పాతపట్నం నుంచి వచ్చే ఇంటర్ పిల్లలు ఇంగ్లీషులో చదువుతారు. ఏ భాషలో చదివినా ఈ లెక్కలో మాత్రం అందరూ ఒకే చోట తప్పుతారు. మూలాలు α, β విడిగా కనుక్కోకుండా, a, b, c ల నుంచే వాటి వర్గాల మొత్తం, ఘనాల మొత్తం రాబట్టే లెక్క ఇది. సూత్రాలు మీకు వచ్చనే అనుకుని మొదలుపెడుతున్నాను. మూలాల మొత్తాన్ని S అని, లబ్ధాన్ని P అని రాస్తాను.

```
S = −b/a      P = c/a
α² + β² = S² − 2P
α³ + β³ = S³ − 3PS
```

ఒకే లెక్క పట్టుకుని చూద్దాం: 2x² = 7x − 4. దీని మూలాలు (7 ± √17)/4. వీటిని ఘనం చేసి కూడడం ఎవరికైనా విసుగే, సూత్రం ఉన్నది అందుకే. సరైన జవాబులు 33/4, 175/8.

రెండు జవాబులూ తప్పాయి

సూత్రం జోలికి పోకండి. సమీకరణానికి ఒక పక్క సున్నా ఉందో లేదో ముందు చూడండి. పైన లేదు. కుడి పక్కన ఉన్న 7నే b అని, −4నే c అని తీసుకుంటే వర్గాల మొత్తం 65/4 వస్తుంది. అన్నీ ఒక పక్కకి తెచ్చి 2x² − 7x + 4 = 0 అని రాస్తేనే b = −7, c = 4 అవుతాయి. ఈ ఒక్క లైను రాయమని ఎన్నేళ్లుగా చెబుతున్నానో! మనసులో మార్చుకున్నాం అంటారు, కాగితం మీద మాత్రం ఉండదు.

జవాబు 41, 259 అని భిన్నం లేకుండా వచ్చిందంటే a తో భాగించడం మరిచిపోయారు. x² ముందు 2 ఉంది, కాబట్టి S = 7 కాదు, 7/2. P = 4 కాదు, 2.

వర్గాల మొత్తం సరిపోయింది, ఘనాల మొత్తానికి గుర్తు మారింది

ఇదే నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఒక సాయంత్రం పదో తరగతి అమ్మాయి నోట్సు తెచ్చి ముందు పెట్టింది. 33/4 పక్కన టిక్కు, −175/8 పక్కన ఇంటూ. “మాస్టారూ, వర్గాలు సరిపోయాయి, ఘనాలే తప్పొస్తున్నాయి. నాకు ఘనాల సూత్రం సరిగ్గా రాలేదేమో” అంది. నేనూ అదే నమ్మాను. (α + β)³ విప్పి, 3αβ ఉమ్మడిగా బయటికి తీసి, సూత్రం ఎలా వస్తుందో రెండుసార్లు చూపించాను. అమ్మాయి తలూపింది. మళ్లీ చేసింది, మళ్లీ −175/8 వచ్చింది.

తప్పు ఘనాల దగ్గర లేదు. పేజీ పైన మొదటి లైనులోనే S = −7/2 అని ఉంది. b లోనే మైనస్ ఉంది, సూత్రంలో ఇంకో మైనస్ ఉంది, రెండూ కలిసి ప్లస్ కావాలి. ఆ అమ్మాయి ఒక్క మైనస్‌తో ఆపేసింది. మేమిద్దరం ఆ లైను కేసి చూడనే లేదు, ఎందుకంటే దాని కింద వర్గాల జవాబు సరిపోయింది కదా!

మోసమంతా అక్కడే ఉంది. S గుర్తు తప్పినా S² మారదు. (−7/2)² అన్నా (7/2)² అన్నా 49/4 వస్తుంది. P లో b లేనే లేదు. అంచేత వర్గాల మొత్తం సరిపోయిందంటే S సరిగ్గా ఉన్నట్టు కాదు. ఘనాల దగ్గర S³ కీ, 3PS కీ రెండింటికీ గుర్తు మారుతుంది, అందుకే అంకెలు అవే ఉండి మొత్తం జవాబు తిరగబడుతుంది. అంకె సరిపోయి గుర్తు ఒక్కటే మారిందంటే నేరుగా S రాసిన లైనుకి వెళ్లండి.

ఇంకో మెలిక ఉంది, ఇది ఇంకా నష్టం చేస్తుంది. జవాబు కలవలేదని ఆ అమ్మాయి అంతకుముందే సూత్రాన్ని 3PS − S³ అని తిప్పి రాసి చూసింది. తప్పు S తో తప్పు సూత్రం కలిసి 175/8 సరిగ్గా వచ్చేసింది! తిప్పిన సూత్రం ఎక్కడ నుంచి వచ్చిందో తర్వాత అర్థమైంది. గుణకాలతో నేరుగా రాస్తే ఘనాల మొత్తం (3abc − b³)/a³. అందులో మొదట 3abc ఉంటుంది, b³ ముందు మైనస్ ఉంటుంది. ఆ వరసే గుర్తుండి S, P లకి కూడా అలాగే రాసేస్తారు. అలాంటి పిల్ల మరుసటి లెక్కలో x² + 3x + 1 = 0 చేస్తే, b ప్లస్సే కాబట్టి S = −3 సరిగ్గానే రాస్తుంది, కానీ ఘనాల మొత్తం −18 బదులు 18 అంటుంది. కాబట్టి రెండు రూపాల్లో ఒకటే పెట్టుకోండి. నేను S, P రూపమే చెబుతాను.

దిద్దుకోవడానికి: b ని బ్రాకెట్‌లో పెట్టి S = −(−7)/2 అని ఒక లైను పూర్తిగా రాయండి. ఆ తర్వాత జవాబుని మళ్లీ సమీకరణంలోనే పరీక్షించండి. α, β రెండూ సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. దాన్ని α తో ఒకసారి, β తో ఒకసారి గుణించి రెండూ కూడితే ఇది వస్తుంది:

```
a(α³ + β³) + b(α² + β²) + cS = 0
```

మన లెక్కలో 2 × 175/8 అంటే 43.75. −7 × 33/4 అంటే −57.75. 4 × 7/2 అంటే 14. మూడూ కలిపితే సున్నా. గుర్తు తప్పిన జవాబులు పెట్టి చూస్తే −43.75 − 57.75 − 14, అంటే −115.5 వస్తుంది. అర నిమిషం పని.

అంత టైం లేకపోతే ఇంకో చూపు ఉంది. మూలాలు వాస్తవ సంఖ్యలైతే ఘనాల మొత్తం గుర్తు ఎప్పుడూ S గుర్తే. ఎందుకంటే α³ + β³ = (α + β)(α² − αβ + β²), అందులో రెండో బ్రాకెట్ రుణం కాలేదు. ఇక్కడ b² − 4ac = 17, కాబట్టి మూలాలు వాస్తవాలే. −b/a ధనం. అలాంటప్పుడు −175/8 ఎలా వస్తుంది?

కొన్ని లెక్కల్లోనే ఘనాలు తప్పుతున్నాయి

3PS లో S వదిలేసి S³ − 3P అని రాస్తున్నారు. S = 1 అయిన లెక్కల్లో ఇది బయటపడదు. x² − x − 6 = 0 లో రెండు విధాలా 19 వస్తుంది. మన లెక్కలో అయితే 295/8 వచ్చి పట్టిస్తుంది.

వర్గాల మొత్తమే రుణం వచ్చింది

అరుదు. b² − 4ac చూడండి. x² − 2x + 5 = 0 లో అది −16, మూలాలు వాస్తవాలు కావు. వర్గాల మొత్తం −6, ఘనాల మొత్తం −22, రెండూ సరైనవే. ఇక్కడ పైన చెప్పిన గుర్తు చూపు పనిచేయదు, సమీకరణంలో పెట్టి చూసే పరీక్ష మాత్రం పనిచేస్తుంది: −22 + 12 + 10 = 0.